విషం ఎక్కడ దెబ్బ తీస్తుంది, విరుగుడు ఎక్కడ అడ్డుకుంటుంది: ఫార్మకాలజీ ప్రశ్నల్లో మందుకు విరుగుడును జత చేసే పద్ధతి

విశాఖపట్నంలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదివే విద్యార్థి నోటుపుస్తకం తెరిస్తే ఎక్కడో ఒకచోట రెండు నిలువు గడుల పట్టిక కనిపిస్తుంది. ఎడమవైపు పారాసిటమాల్, కుడివైపు ఎసిటైల్‌సిస్టీన్; ఎడమవైపు హెపారిన్, కుడివైపు ప్రోటమిన్; ఇలా ఇరవై ముప్పై వరుసలు ఉంటాయి. ఆంధ్రా మెడికల్ కాలేజీలోనైనా, నగరంలోని ఫార్మసీ కళాశాలల్లోనైనా ఈ పట్టిక దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక్క మార్కు ప్రశ్నకు అది సరిపోతుంది. అయితే ఇప్పుడు పరీక్షల్లో వచ్చే ప్రశ్న ‘పారాసిటమాల్‌కు విరుగుడు ఏది’ అని ఆగిపోవడం లేదు. రోగి వయసు, మందు మింగిన సమయం, రక్తపరీక్ష ఫలితం, అంతకుముందు వాడుతున్న మందులు చెప్పి, ఇప్పుడు ఏం చేయాలని అడుగుతోంది. నాలుగు ఐచ్ఛికాల్లో మూడింటిలో ఎసిటైల్‌సిస్టీన్ పేరే ఉండవచ్చు. తేడా అంతా ఎప్పుడు, ఎందుకు, ఏ ఆధారంతో అన్నదానిలో ఉంటుంది.

అందువల్ల జతను కంఠస్థం చేయడానికి ముందు, మందు శరీరంలోకి వెళ్లినప్పటి నుంచి అవయవం దెబ్బతినే వరకు జరిగే పనులను ఒక గొలుసుగా రాసుకుని, ఆ గొలుసులో విరుగుడు ఏ లంకె దగ్గర నిలబడి ఉందో గుర్తు పెట్టాలి. లంకె తెలిస్తే, విరుగుడును ఎంత తొందరగా ఇవ్వాలో, ఎప్పుడు పనిచేయదో, ఏ లక్షణాన్ని తగ్గించలేదో వేరుగా గుర్తుంచుకోవలసిన అవసరం చాలావరకు ఉండదు. ఈ పద్ధతిని పారాసిటమాల్ మీద నిదానంగా చూపి, ఆ తరువాత మరికొన్ని జతలకు వర్తింపజేస్తాను.

మొదటి మెట్టు: గొలుసు రాయడం

మామూలు మోతాదులో తీసుకున్న పారాసిటమాల్‌లో సుమారు 90 శాతం కాలేయంలో గ్లూకురోనైడ్‌తోనో సల్ఫేట్‌తోనో కలిసి, హాని లేని పదార్థంగా మూత్రంలోకి పోతుంది. కొద్దిభాగం మారకుండానే బయటికి వెళుతుంది. మిగిలిన 5 నుంచి 10 శాతాన్ని మాత్రం ప్రధానంగా సీవైపీ2ఈ1 అనే ఎంజైము ఆక్సీకరణం చేసి నాప్‌క్వి అనే పదార్థంగా మారుస్తుంది. ఇది ఎలక్ట్రాన్ల కోసం వెతుకుతూ దగ్గరున్న ప్రోటీన్లకు అంటుకునే స్వభావం గలది. కాలేయ కణంలో గ్లూటాథయోన్ ఉన్నంతసేపూ దానిలోని సల్ఫైడ్రిల్ సమూహం నాప్‌క్విని పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. అందుకే జ్వరానికి వేసుకున్న మాత్ర కాలేయాన్ని ఏమీ చేయదు.

మోతాదు బాగా పెరిగినప్పుడు ముందుగా సల్ఫేట్ దారి, తరువాత గ్లూకురోనైడ్ దారి నిండిపోతాయి. ఆ రెండూ మోయలేని భాగం ఆక్సీకరణం వైపు మళ్లుతుంది. నాప్‌క్వి ఎక్కువై, గ్లూటాథయోన్ తరిగిపోయి, మామూలు నిల్వలో సుమారు 30 శాతం కంటే తక్కువకు పడిపోయినప్పుడు నాప్‌క్వి కాలేయ కణాల ప్రోటీన్లకు, ముఖ్యంగా మైటోకాండ్రియా ప్రోటీన్లకు అతుక్కుని కణాన్ని చంపుతుంది. సీవైపీ2ఈ1 ఎక్కువగా ఉండేది లాబ్యూల్ మధ్యనున్న సిర చుట్టూ కాబట్టి కణాల మరణం అక్కడే మొదలవుతుంది. పాథాలజీ ప్రశ్నలో ‘సెంట్రిలోబ్యులర్ నెక్రోసిస్’ అనో ‘జోన్ 3’ అనో అడిగేది దీన్నే. ఫార్మకాలజీ, పాథాలజీ రెండూ ఒకే గొలుసు మీద నడుస్తున్నాయని ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ గొలుసులో విషం పారాసిటమాల్ కాదు, దాని నుంచి పుట్టిన నాప్‌క్వి. విషం పుట్టడానికి, కణం చావడానికి మధ్య కొన్ని గంటల వ్యవధి ఉంది. ఆ వ్యవధే ఈ విరుగుడుకు ఉన్న అవకాశం. మొదటి 24 గంటల్లో రోగికి వికారం, వాంతులు తప్ప మరేమీ లేకపోవచ్చు; కొందరికి అవి కూడా ఉండవు. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైములు రక్తంలో పెరగడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి సాధారణంగా రెండోరోజు మొదలవుతాయి. మూడు నాలుగు రోజులకు కామెర్లు, రక్తం గడ్డకట్టకపోవడం, మత్తు, మూత్రపిండాల వైఫల్యం తీవ్రస్థాయికి చేరవచ్చు. కాబట్టి ‘మాత్రలు మింగి ఐదు గంటలైంది, ఏఎల్‌టీ మామూలుగా ఉంది, ఇంటికి పంపవచ్చు’ అనే ఐచ్ఛికం తప్పు. ఐదో గంటలో ఏఎల్‌టీ మామూలుగా ఉండటం సహజమే; అది భద్రతకు నిదర్శనం కాదు.

రెండో మెట్టు: విరుగుడు నిలబడే చోటు

తరిగిపోయింది గ్లూటాథయోన్ అయితే దాన్నే ఎందుకు ఇవ్వరన్నది మంచి వైవా ప్రశ్న. బయటి నుంచి ఇచ్చిన గ్లూటాథయోన్ కాలేయ కణంలోకి సరిగా ప్రవేశించదు. కణం దాన్ని లోపలే తయారుచేసుకోవాలి, ఆ తయారీకి కొరత పడే ముడిసరుకు సిస్టీన్. ఎసిటైల్‌సిస్టీన్ కణంలోకి వెళ్లి సిస్టీన్‌ను అందిస్తుంది. తన సొంత సల్ఫైడ్రిల్ సమూహంతో నాప్‌క్విని కొంతవరకు నేరుగా కూడా పట్టుకుంటుంది. 1970ల్లో ఎడిన్‌బరోలో ప్రెస్కాట్ బృందం దీన్ని సిరలోకి ఎక్కించే పద్ధతిని రూపొందించింది.

ఇంత తెలిస్తే రెండు విషయాలు వాటంతటవే వస్తాయి. ఎసిటైల్‌సిస్టీన్ పారాసిటమాల్‌ను కడుపులో పట్టుకోదు, రక్తం నుంచి తీసివేయదు. ఆ పని కావాలంటే త్వరగా వచ్చిన రోగికి యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇవ్వాలి. రెండోది, ప్రోటీన్లకు నాప్‌క్వి అతుక్కోక ముందే గ్లూటాథయోన్ నిల్వ నిండాలి కాబట్టి సమయమే ప్రధానం. మింగిన 8 గంటలలోపు మొదలుపెడితే తీవ్రమైన కాలేయ నష్టం చాలా అరుదు. ఆ తరువాత ప్రయోజనం తగ్గుతూ వస్తుంది, కానీ సున్నా కాదు. కాలేయ వైఫల్యం మొదలైన రోగికి కూడా ఎసిటైల్‌సిస్టీన్ ఇస్తారు, ఎందుకంటే ఆ దశలో అది నాప్‌క్విని పట్టుకోవడం వల్ల కాకుండా రక్తప్రసరణకు, ఆక్సిజన్ అందడానికి తోడ్పడటం వల్ల మేలు చేస్తుంది. ‘24 గంటలు దాటింది కాబట్టి ఇవ్వకూడదు’ అనే వాక్యాన్ని చూసి మోసపోకూడదు.

మూడో మెట్టు: సమయాన్ని అంకెగా మార్చడం

ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి 1975లో వెలువడిన రూమాక్–మాథ్యూ నోమోగ్రామ్ వాడతారు. అడ్డంగా గంటలు, నిలువుగా రక్తంలో పారాసిటమాల్ గాఢత. విస్తృతంగా వాడే చికిత్స గీత 4వ గంట దగ్గర మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాముల వద్ద మొదలై, ప్రతి నాలుగు గంటలకు సగమవుతూ దిగుతుంది. అంటే 8వ గంటకు 75, 12వ గంటకు సుమారు 37. ఫలితం గీత మీద గాని, పైన గాని ఉంటే చికిత్స. మొదటి గీత 200 దగ్గర ఉండేది, భద్రత కోసం 150కి దించారు. బ్రిటన్‌లో 2012 నుంచి 100 గీత వాడుతున్నారు. ప్రశ్న ఏ పుస్తకం ఆధారంగా తయారైందో చూసుకోవాలి, కానీ మన పరీక్షల్లో ఎక్కువగా కనిపించేది 150.

నాలుగు గంటల కంటే ముందు తీసిన రక్తంతో నోమోగ్రామ్ చదవకూడదు. మందు ఇంకా పేగు నుంచి రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి అప్పుడు వచ్చిన అంకె ఎటువైపు కదులుతుందో తెలియదు. అలాగే మందును ఒకేసారి మింగి, ఆ సమయం స్పష్టంగా తెలిసినప్పుడే గీతకు అర్థముంటుంది. మూడు రోజులుగా కొంచెం కొంచెంగా ఎక్కువ తీసుకున్నవారికి, సమయం చెప్పలేనివారికి అది వర్తించదు.

ఒక కేసు

గాజువాకలో ఉండే, 60 కిలోల బరువున్న 22 ఏళ్ల యువతిని ఉదయం 8:30కి కేజీహెచ్ క్యాజువాలిటీకి తీసుకువచ్చారనుకుందాం. పారాసిటమాల్ మాత్రలు ఎక్కువ సంఖ్యలో ఉదయం 7 గంటలకు ఒకేసారి మింగిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. మెలకువగానే ఉంది, ఒకసారి వాంతి అయింది, నాడి, రక్తపోటు మామూలుగా ఉన్నాయి. ఇప్పుడు ఏం చేయాలి?

గంటన్నర మాత్రమే గడిచింది, తెలివిలో ఉంది, కాబట్టి శ్వాసమార్గానికి ముప్పు లేదని చూసుకుని చార్‌కోల్ ఇవ్వడం సమంజసం. రక్తంలో పారాసిటమాల్ గాఢతకు నమూనా 11 గంటలకు తీయాలి, 8:30కి కాదు. క్యాజువాలిటీకి రాగానే రక్తం తీసి పంపి, ఆ అంకెను గీత మీద పెట్టే ఐచ్ఛికం చూడటానికి చురుకైన పనిలా కనిపిస్తుంది, కానీ గీతకు ఆ అంకె పనికిరాదు.

పదకొండు గంటల నమూనా ఫలితం మధ్యాహ్నం 12:30కి వచ్చింది: మిల్లీలీటరుకు 220 మైక్రోగ్రాములు. నాలుగో గంట గీత 150 కాబట్టి చికిత్స అవసరం. మింగి ఐదున్నర గంటలైంది, ఎనిమిది గంటల లోపే ఉన్నాం. ఎసిటైల్‌సిస్టీన్‌ను వెంటనే మూడు విడతలుగా సిరలోకి ఎక్కించాలి. మొదటి విడత కిలోకు 150 మి.గ్రా. చొప్పున 9,000 మి.గ్రా., ఒక గంటలో. రెండోది కిలోకు 50 మి.గ్రా. చొప్పున 3,000 మి.గ్రా., నాలుగు గంటల్లో. మూడోది కిలోకు 100 మి.గ్రా. చొప్పున 6,000 మి.గ్రా., పదహారు గంటల్లో. మొత్తం 18,000 మి.గ్రా., 21 గంటలు. కిలోకు 300 మి.గ్రా. అన్న లెక్కతో సరిచూసుకుంటే, 60ని 300తో హెచ్చిస్తే అదే 18,000 వస్తుంది. పరీక్షలో లెక్క తప్పినవారు ఎక్కువగా రెండో, మూడో విడతల మోతాదులను తారుమారు చేస్తుంటారు. నెమ్మదిగా ఎక్కే విడతలో రెండో విడత కంటే ఎక్కువ మందు ఉంటుందని గుర్తుంచుకుంటే సరిపోతుంది.

తొలి విడత మొదలైన ముప్పావు గంటకు ముఖం ఎర్రబడి, ఒంటి మీద దద్దుర్లు లేచి, కొద్దిగా పిల్లికూతలు వినిపించాయని ప్రశ్న ముగియవచ్చు. ఇది ఐజీఈ వల్ల వచ్చే అలర్జీ కాదు. మందు నేరుగా హిస్టమిన్‌ను విడుదల చేయడం వల్ల వచ్చే ప్రతిచర్య. అందుకే అంతకుముందు ఎసిటైల్‌సిస్టీన్ ఎన్నడూ వాడని వ్యక్తికి కూడా మొదటిసారే వస్తుంది, సాధారణంగా గాఢత ఎక్కువగా ఉండే మొదటి విడతలోనే వస్తుంది. ఎక్కించడం తాత్కాలికంగా ఆపి, యాంటీహిస్టమిన్ ఇచ్చి, పిల్లికూతలకు సాల్బ్యుటమాల్ ఇచ్చి, తగ్గాక తక్కువ వేగంతో మళ్లీ మొదలుపెట్టాలి. విరుగుడును పూర్తిగా మానేసి కాలేయాన్ని దాని ఖర్మకు వదిలేసే ఐచ్ఛికం తప్పు.

ఇదే కేసును మార్చి చూడటం

ఇప్పుడు ఒక్కొక్క వివరాన్ని మారిస్తే జవాబు ఎలా మారుతుందో చూడటం ఈ పద్ధతిలో అతి ముఖ్యమైన సాధన. అదే యువతి రాత్రి 9 గంటలకు మింగి, మర్నాడు ఉదయం 7 గంటలకు వచ్చిందనుకుంటే పది గంటలు గడిచాయి. ఇక్కడ రక్తపరీక్ష పంపి, ఫలితం కోసం ఎదురుచూడటం తప్పు. ఎక్కువ మోతాదు మింగినట్లు చరిత్ర ఉన్నప్పుడు ఎసిటైల్‌సిస్టీన్ వెంటనే మొదలుపెట్టి, ఫలితం గీత కంటే కింద ఉండి, ఏఎల్‌టీ కూడా మామూలుగా ఉంటే తరువాత ఆపవచ్చు. చార్‌కోల్ కూడా ఈ దశలో ఉపయోగపడదు, మందు అప్పటికే శోషించబడింది.

మరో మార్పు మరింత ఆలోచింపజేసేది. పెందుర్తి వైపు నుంచి వచ్చిన 45 ఏళ్ల వ్యక్తి క్షయకు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ ఉన్న మాత్రలు వాడుతున్నాడు. పంటినొప్పికి మూడు రోజులుగా పారాసిటమాల్ 650 మి.గ్రా. మాత్రలు చెప్పినదాని కంటే తరచుగా వేసుకుంటూ, జలుబు చేసిందని విడిగా ఒక కలయిక మాత్ర కూడా తీసుకున్నాడు. ఆ జలుబు మాత్రలోనూ పారాసిటమాల్ ఉందని అతనికి తెలియదు. నొప్పికి సరిగా తిండి కూడా తినలేదు. ఇప్పుడు వికారం, ఏఎల్‌టీ 900, రక్తంలో పారాసిటమాల్ గాఢత తక్కువ. గీత చూసి ‘తక్కువే కదా’ అనుకునే విద్యార్థి ఇక్కడ దొరికిపోతాడు. ఇది ఒకేసారి మింగిన కేసు కాదు, గీత వర్తించదు. గొలుసును మళ్లీ చదివితే, ఐసోనియజిడ్ సీవైపీ2ఈ1ను పెంచి నాప్‌క్వి ఉత్పత్తిని పెంచుతుంది, తిండి లేకపోవడం గ్లూటాథయోన్ నిల్వను తగ్గిస్తుంది. రెండూ ఒకే లంకె మీద రెండు వైపుల నుంచి ఒత్తిడి తెస్తున్నాయి. ఏఎల్‌టీ పెరిగిన పారాసిటమాల్ వాడకందారుకు ఎసిటైల్‌సిస్టీన్ ఇవ్వాలి, క్షయ మందులు కూడా కాలేయానికి హాని చేయగలవు కాబట్టి వాటిని తాత్కాలికంగా ఆపి పరిశీలించాలి. దీర్ఘకాలం మద్యం తాగేవారిలోనూ ఇదే తర్కం పనిచేస్తుంది. అయితే ఒకే సమయంలో మద్యం తాగి పారాసిటమాల్ మింగినవారిలో మద్యం అదే ఎంజైము కోసం పోటీపడుతుంది కాబట్టి పరిస్థితి వేరు. ప్రశ్నలో ‘దీర్ఘకాలంగా’ అన్న మాట ఉందో లేదో చూడాలి.

నాలుగో మెట్టు: అదే ప్రశ్నలు మరో విషానికి వేయడం

పురుగుమందు కేసుల గురించి ఉత్తరాంధ్ర విద్యార్థికి పుస్తకం చెప్పకముందే వార్డు చెబుతుంది. చోడవరం పరిసరాల్లో పొలంలో మందు కొట్టిన రైతుకు చెమట, నోటినుంచి చొంగ, ఊపిరితిత్తుల్లో తడి శబ్దాలు, నిమిషానికి 48 నాడి, సూదిమొనలాంటి కంటిపాపలు, తొడ కండరాల్లో అదుర్లు ఉన్నాయనుకుందాం. ఆర్గానోఫాస్ఫేట్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమును బంధిస్తుంది, ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది, అది మస్కారినిక్, నికోటినిక్ గ్రాహకాలు రెండింటినీ నిర్విరామంగా ప్రేరేపిస్తుంది. ఈ గొలుసులో రెండు విరుగుళ్లు రెండు వేర్వేరు లంకెల దగ్గర ఉన్నాయి. అట్రోపిన్ మస్కారినిక్ గ్రాహకాన్ని కప్పుతుంది. ఎంజైముతో దానికి పని లేదు. ప్రాలిడాక్సిమ్ ఎంజైమును విడిపిస్తుంది.

అందుకే అట్రోపిన్ ఎంత ఇచ్చినా కండరాల అదుర్లు, బలహీనత తగ్గవు, ఎందుకంటే అవి నికోటినిక్ గ్రాహకాలవి. ‘అట్రోపిన్‌తో తగ్గని లక్షణం ఏది’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అట్రోపిన్ సరిపడా అందిందని ఎలా తెలుస్తుంది? చాలామంది కంటిపాప పెద్దదైందా అని చూస్తారు. అసలు చూడవలసింది ఊపిరితిత్తులు పొడిబారాయా, నాడి 80 దాటిందా, రక్తపోటు సరిపడా నిలిచిందా అన్నది. ఈ రోగిని చంపేది చిన్న పాప కాదు, ఊపిరితిత్తుల్లో నిండిన తడి. మొదట 2 మి.గ్రా. దాకా ఇచ్చి, ఐదు నిమిషాలకు మెరుగు లేకపోతే రెట్టింపు చేస్తూ వెళతారు. జ్వరం, మతిభ్రమ, పేగు కదలిక ఆగడం కనిపిస్తే ఎక్కువైందని అర్థం.

ప్రాలిడాక్సిమ్‌కు గడువుంది. ఎంజైముకు అంటుకున్న ఆర్గానోఫాస్ఫేట్ కొంతసేపటికి రసాయనికంగా స్థిరపడుతుంది. దీన్ని ఏజింగ్ అంటారు. డైమిథైల్ రకాల్లో ఇది కొన్ని గంటల్లో జరుగుతుంది, డైఇథైల్ రకాల్లో ఒక రోజు పైగా పడుతుంది. ఏజింగ్ జరిగిన ఎంజైమును ప్రాలిడాక్సిమ్ విడిపించలేదు. కార్బమేట్ విషంలో ఎంజైము దానంతటదే త్వరగా విడివడుతుంది, ఏజింగ్ లేదు కాబట్టి అట్రోపిన్ సాధారణంగా చాలు. రోగుల మీద జరిగిన పరీక్షల్లో ప్రాలిడాక్సిమ్ ప్రయోజనం ఒకేలా తేలలేదు. అయినా మందు పనిచేసే తీరు అడిగిన ప్రశ్నకు ఆ తీరునే రాయాలి. ఆ వివాదాన్ని దీర్ఘసమాధానంలో ఒక వాక్యంగా చేర్చితే చాలు.

ఒకేలా కనిపించే జతలు

ఎసిటైల్‌సిస్టీన్ తర్కం అర్థమైనవారికి సైక్లోఫాస్ఫమైడ్‌తో వచ్చే రక్తస్రావ మూత్రాశయ వాపుకు మెస్నా ఎందుకిస్తారో వివరించనక్కరలేదు. అక్కడ కూడా దోషి అసలు మందు కాదు, దాని నుంచి పుట్టిన ఆక్రోలిన్. అక్కడ కూడా విరుగుడులో ఉన్నది సల్ఫైడ్రిల్ సమూహమే. తేడా చోటులో ఉంది. మెస్నా రక్తంలో జతకట్టి క్రియారహితంగా ఉంటుంది, మూత్రపిండాల్లో మళ్లీ విడివడి మూత్రంలో ఆక్రోలిన్‌ను పట్టుకుంటుంది. కాబట్టి క్యాన్సర్ మీద సైక్లోఫాస్ఫమైడ్ చేసే పని చెడదు, మూత్రాశయం మాత్రం కాపాడబడుతుంది. అదే కారణంగా ఎముకమజ్జ అణచివేతను మెస్నా ఆపలేదు. ప్రశ్నలో ‘తెల్లరక్తకణాలు తగ్గాయి, మెస్నా ఇవ్వాలా’ అని ఉంటే జవాబు ‘అక్కరలేదు’.

మెథోట్రెక్సేట్ దగ్గర చాలామంది ‘ఫోలిక్ ఆమ్లం’ అని రాసి ఆగిపోతారు. మెథోట్రెక్సేట్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ను మూసివేస్తుంది. ఫోలిక్ ఆమ్లం పనికిరావాలంటే అదే ఎంజైము కావాలి. ల్యూకోవోరిన్ ఆ ఎంజైము తరువాతి లంకె దగ్గర నేరుగా చేరుతుంది, కాబట్టి ఎక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ తరువాత ల్యూకోవోరిన్. వారానికి ఒకసారి తక్కువ మోతాదు తీసుకునే కీళ్లవాత రోగికి దుష్ప్రభావాలు తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ ఆమ్లం వేరే విషయం, దాన్ని విరుగుడుగా రాయకూడదు.

జత ఉన్నా ఇవ్వకూడని సందర్భం

బెంజోడయాజెపైన్‌కు ఫ్లూమజెనిల్ అన్న జత పట్టికలో ఎలాంటి మినహాయింపూ లేకుండా ఉంటుంది. అందుకే ప్రశ్న తయారుచేసేవారికి అది ఇష్టం. నిద్రమాత్రలతోపాటు కుంగుబాటుకు వాడే ట్రైసైక్లిక్ మందు అమిట్రిప్టిలిన్ మింగిన రోగి మత్తులో ఉన్నాడు, ఈసీజీలో క్యూఆర్ఎస్ 100 మిల్లీసెకన్లు దాటి వెడల్పైంది అంటే, ఫ్లూమజెనిల్ ప్రమాదకరం. ట్రైసైక్లిక్ మందు మూర్ఛ తెప్పించగలదు, బెంజోడయాజెపైన్ ఆ మూర్ఛను అడ్డుకుంటోంది. ఫ్లూమజెనిల్ ఆ అడ్డును తీసేస్తుంది. గుండె సోడియం చానళ్లను ట్రైసైక్లిక్ మూసినందువల్ల క్యూఆర్ఎస్ వెడల్పైంది, కాబట్టి ఇవ్వవలసింది సోడియం బైకార్బొనేట్. ఏళ్లుగా నిద్రమాత్రలు వాడుతున్నవారికీ ఫ్లూమజెనిల్ ఇదే కారణంతో పనికిరాదు.

ఇంకొక రకం ప్రశ్నలో అసలు జతే ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద స్టైరీన్ ఆవిరి వ్యాపించినప్పుడు ఆసుపత్రులకు వచ్చినవారికి ప్రత్యేక విరుగుడంటూ ఏదీ లేదు. గాలి మార్చడం, ఆక్సిజన్, కళ్లు, చర్మం కడగడం, శ్వాసకు మద్దతు ఇవే చికిత్స. నాలుగు విరుగుళ్ల పేర్లు ఇచ్చి, చివర ‘మద్దతు చికిత్స మాత్రమే’ అని ఉన్న ఐచ్ఛికాన్ని అలవాటుగా కొట్టేయకూడదు.

సాధన చేయడానికి ఒక గొలుసు

పైన వచ్చిన ఐసోనియజిడ్‌నే మళ్లీ తీసుకుని, ఈసారి అది ఎక్కువ మోతాదులో కడుపులోకి వెళ్లిన కేసును కాగితం మీద రాయడం మంచి సాధన. రోగికి మూర్ఛలు ఆగడం లేదు, రక్తంలో ఆమ్లత పెరిగింది, డయాజెపామ్ ఇచ్చినా ఫలితం లేదు. ఐసోనియజిడ్ విటమిన్ బి6 క్రియాశీల రూపాన్ని తగ్గిస్తుంది. ఆ రూపం లేకపోతే గ్లూటమేట్ నుంచి గాబాను తయారుచేసే ఎంజైము పనిచేయదు, గాబా తగ్గుతుంది, మూర్ఛలు వస్తాయి. డయాజెపామ్ ఎందుకు పనిచేయలేదో ఇక్కడే తేలిపోతుంది: అది గాబా ప్రభావాన్ని పెంచే మందు, పెంచడానికి గాబా ఉండాలి. పిరిడాక్సిన్ తయారీ లంకె దగ్గర చేరి గాబాను తిరిగి తెస్తుంది. మింగిన ఐసోనియజిడ్ ఎన్ని గ్రాములో అన్ని గ్రాముల పిరిడాక్సిన్ ఇస్తారు. ఎంత మింగారో తెలియకపోతే పెద్దవారికి 5 గ్రాములు. డయాజెపామ్‌ను కూడా కొనసాగిస్తారు, గాబా తిరిగి వచ్చాక దానికీ పని ఉంటుంది. నరాల తిమ్మిరి రాకుండా క్షయరోగికి రోజూ ఇచ్చే 10 మి.గ్రా. పిరిడాక్సిన్ మాత్రతో ఈ మూర్ఛలను ఆపవచ్చునన్న ఐచ్ఛికంలో మందు పేరు సరైనదే, మోతాదు మాత్రం వందల రెట్లు తక్కువ.